ఫ్యాటీ లివర్: నూనె, నెయ్యి మానేసినా ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 52, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. షుగర్ లేదు. అప్పటి నుంచి నెయ్యి మానేశాను, నూనె బాగా తగ్గించాను, గుడ్డు కూడా తినడం లేదు. చక్కెర బదులు బెల్లం టీ తాగుతున్నాను, రోజుకు నాలుగు. పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మరసం, తేనె. పదకొండింటికి బత్తాయి జ్యూస్. మందు శనివారం మాత్రమే, మూడు పెగ్గులు. మూడు నెలలైనా బరువు అంతే ఉంది, ఎస్‌జీపీటీ అంతే ఉంది. ఇంకా ఏం మానేయాలి?

సమాధానం:

బెల్లం, తేనె, జ్యూస్, మందు. ఈ నాలుగూ పూర్తిగా మానేయండి. అన్నం ఇప్పుడు తినేదాంట్లో సగానికి తీసుకురండి. గుడ్డు మళ్లీ మొదలుపెట్టండి. నూనెను సున్నా చేయకండి, కొలత పెట్టుకోండి. వచ్చే ఆరు నెలల్లో మీ బరువు 84 నుంచి 78కి రావాలి, కుదిరితే 76కి. మీకు కావాల్సిన వైద్యం అదే, ఇంతవరకు ఫ్యాటీ లివర్‌కు దీన్ని మించింది నేను చూడలేదు.

నేను ఒక లివర్ క్లినిక్‌లో చాలా ఏళ్లుగా డైటీషియన్‌గా చేస్తున్నాను. మీలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీలాగే ముందు నెయ్యి, గుడ్డు పచ్చసొన మానేసి వస్తారు. లివర్‌లో కొవ్వు అనగానే తిన్న కొవ్వే అక్కడికి చేరిందని ఎవరైనా అనుకుంటారు. అసలు లెక్క వేరేగా ఉంది కాబట్టి ముందు అది చెప్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

2005లో అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న కొందరి మీద ఒక అధ్యయనం జరిగింది. చాలా చిన్న అధ్యయనమే, కానీ లివర్‌లోని కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపట్టి లెక్కగట్టారు. దాదాపు 59 శాతం ఒంట్లో అప్పటికే పేరుకున్న కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చి లివర్‌కు చేరింది. 26 శాతం లివర్ తనంతట తానే తయారుచేసుకుంది, ముఖ్యంగా చక్కెర, పిండిపదార్థాల నుంచి. నేరుగా తిన్న నూనె, నెయ్యి, మాంసం కొవ్వు నుంచి వచ్చింది 15 శాతమే. ఇప్పుడు మీ మూడు నెలలు చూడండి. మీరు చిన్న వాటా మీద గట్టిగా పనిచేశారు. పొట్ట అలాగే ఉంది, చక్కెర పేరు మారి అలాగే ఉంది, శనివారం అలాగే ఉంది. ఎస్‌జీపీటీ కదలకపోవడంలో ఆశ్చర్యం లేదు, మీ ప్రయత్నంలో లోపం కూడా కాదు, దిశ మార్చుకుంటే చాలు.

ముందు చక్కెర లెక్క వేద్దాం. బెల్లం టీలు నాలుగు, కప్పుకు రెండు చెంచాలు అనుకుంటే దగ్గర దగ్గర 40 గ్రాములు. పొద్దున తేనె ఒక పెద్ద చెంచా, అందులో చక్కెర 16 గ్రాముల దాకా ఉంటుంది. బత్తాయి జ్యూస్ పెద్ద గ్లాసు, బండి దగ్గర చక్కెర వేయకుండా ఇచ్చినా 20 గ్రాములు దాటుతుంది, వేస్తే ఇంకా ఎక్కువ. మొత్తం 75 నుంచి 90 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనిషికి 50 గ్రాముల లోపు ఉండాలని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని చెబుతుంది. ఆ లెక్కలో తేనె, పండ్ల రసం కూడా కలిపే చెప్పింది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

బెల్లంలో ఐరన్ ఉందని, సహజమైనదని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. బెల్లంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఉండేది చక్కెరే, లివర్‌కు తేడా తెలియదు. చక్కెర అణువులో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును కండరాలు, మెదడు అన్నీ వాడుకుంటాయి. ఫ్రక్టోజులో ఎక్కువ భాగం మాత్రం లివరే చూసుకోవాలి, ఎక్కువైతే దాన్ని కొవ్వుగా మారుస్తుంది. తేనెలో కూడా ఫ్రక్టోజు బాగా ఉంటుంది. అందుకే ఫ్యాటీ లివర్‌కు తేనె నీళ్లు అని ఎవరైనా సలహా ఇస్తే నాకు బాధేస్తుంది, పాపం నమ్మి రోజూ తాగుతారు. 2019లో అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న టీనేజీ అబ్బాయిలకు ఎనిమిది వారాల పాటు చక్కెర కలిపినవి, జ్యూసులు బాగా తగ్గించిన భోజనం పెడితే, లివర్‌లో కొవ్వు సగటున 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. ఎనిమిది వారాలకే అంత తేడా.

మరి పండ్లు? తినండి. బత్తాయిని ఒలుచుకుని తినండి, జామకాయ తినండి, రోజుకు ఒకటో రెండో. పండు నమిలి తింటే పీచుతో కలిసి నెమ్మదిగా వెళ్తుంది, రెండో పండుకే కడుపు నిండుతుంది. జ్యూస్ అయితే నాలుగు బత్తాయిలు రెండు నిమిషాల్లో లోపలికి పోతాయి. కూల్‌డ్రింకులు, చెరకురసం, బాదంపాలు, ఈ మధ్య అందరూ తాగుతున్న యాపిల్ బీట్‌రూట్ క్యారెట్ జ్యూస్, అన్నీ ఇదే ఖాతా.

గుంటూరు వైపు నుంచి ఒకాయన వచ్చేవారు, 44 ఏళ్లు, ఎరువుల దుకాణం. మందు ముట్టరు, మాంసం ముట్టరు, నాకెందుకు వచ్చిందమ్మా ఇది అని చాలా మథనపడ్డారు. 81 కిలోలు, ఎస్‌జీపీటీ 96. రోజంతా ఏం నోట్లోకి వెళ్తుందో రాసుకు రమ్మంటే అసలు సంగతి బయటపడింది. దుకాణానికి ఎవరొచ్చినా టీ తెప్పిస్తారు, వాళ్లతో పాటు ఈయనా తాగుతారు, రోజుకు ఆరు, ఒక్కోసారి ఏడు. టీ తాగడం మానమని నేను చెప్పలేదు, చెప్పినా మానలేరు. మొదటి వారం కప్పుకు ఒక చెంచా, రెండో వారం అర చెంచా, మూడో వారం నుంచి చక్కెర లేకుండా. నాలుక అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పట్టింది, ఆ తర్వాత మామూలు టీ ఇస్తే పాకంలా ఉందన్నారు. దానితో పాటు రాత్రి అన్నం తగ్గించారు. ఏడు నెలలకు 74 కిలోలు, ఎస్‌జీపీటీ 38, స్కానింగ్‌లో గ్రేడ్ 1. నెయ్యి ఆయన మానలేదు, పప్పులో ఒక చెంచా వేసుకుంటూనే ఉన్నారు.

అన్నం సంగతి. మీరు ఎంత తింటున్నారో రాయలేదు, రాయలేదంటే అది మామూలే అనుకుంటున్నారని అర్థం. మన ఇళ్లలో పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం అని నాలుగు వాయిలు అయ్యేసరికి ఒక పూటకు 150 గ్రాముల బియ్యం తేలిగ్గా పోతుంది. అంటే అన్నం నుంచే 500 కేలరీల పైన, రాత్రి మళ్లీ అంతే. ఒకసారి వంటింటి త్రాసులో 70 గ్రాముల బియ్యం తూచి, మీ ఇంట్లో ఏదో ఒక చిన్న గ్లాసుకు ఎక్కడి దాకా వచ్చిందో గుర్తు పెట్టుకోండి. పూటకు మీ వాటా అంతే. వండితే దాదాపు 200 గ్రాముల అన్నం అవుతుంది. రోజూ తూచక్కర్లేదు, ఆ ముద్ద ఎంతుంటుందో కంటికి అలవాటైతే చాలు.

అన్నం తగ్గించి ఊరుకుంటే నాలుగింటికల్లా ఆకలేసి మిక్చర్ పొట్లం విప్పుతారు. అందుకని ఆ ఖాళీని పప్పు, కూరలు, గుడ్డు, చేపలు, పెరుగుతో నింపాలి. కంచంలో ముందు కూర, ముద్దపప్పో ఆకుకూర పప్పో పెట్టుకుని, సగం ఉత్తగా తిని, తర్వాత అన్నం కలుపుకోండి. పొద్దున నాలుగు ఇడ్లీల బదులు పెసరట్టు, లేదా రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు. సాయంత్రం ఉడికించిన సెనగలో అలసందలో ఒక గిన్నెడు. షుగర్, కొలెస్ట్రాల్ పెద్దగా లేనివాళ్లకు రోజుకు ఒక గుడ్డు పచ్చసొనతో సహా తినడానికి నేను అభ్యంతరం చెప్పను. మీరు గుడ్డు మానేసి పోగొట్టుకున్నది మంచి మాంసకృత్తులు, వచ్చింది ఏమీ లేదు.

కొర్రలు, అరికెలు తినొచ్చా అని తర్వాత అడుగుతారని తెలుసు. తినొచ్చు, పీచు ఉంటుంది కాబట్టి ఆకలి ఆగుతుంది. కానీ 100 గ్రాముల కొర్రల్లోనూ బియ్యానికి దగ్గరగానే కేలరీలు ఉంటాయి, కొర్రన్నమే కదా అని రెండు కంచాలు తింటే లాభం లేదు. ఒక హెచ్చరిక, మీకు కాకపోయినా చదివేవాళ్లలో షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లు ఉంటే, అన్నం ఒక్కసారిగా సగం చేస్తే షుగర్ డౌన్ అయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. డాక్టర్‌కు చెప్పి డోసు సరిచేసుకున్నాకే తగ్గించండి.

మందు. శనివారం మాత్రమే అన్నారు. పెగ్గు అంటే 60 మిల్లీలీటర్ల లార్జే అయితే, మన దగ్గర దొరికే 42.8 శాతం విస్కీలో ఒక్కో లార్జ్‌కు 20 గ్రాముల ఆల్కహాల్. మూడంటే 60 గ్రాములు, ఒక్క కూర్చోవడంలో. బీరు అయితే తేలికని కొందరు మారతారు, 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 40 గ్రాములు ఉంటుంది, అంటే రెండు లార్జ్‌లతో సమానం.

వారం మొత్తం లెక్కలో 60 గ్రాములు తక్కువే కదా అనిపిస్తుంది. మగవాళ్లకు వారానికి 210 గ్రాములు దాటితే డాక్టర్లు దాన్ని మందు వల్ల కూడా వచ్చిన జబ్బుగా లెక్కిస్తారు, మీరు దాని కింద ఉన్నారు. అయితే ఆ అంకె జబ్బుకు పేరు పెట్టడానికి పెట్టుకున్న గీత, అంతవరకు తాగితే ఏమీ కాదని హామీ కాదు. పొట్ట ఉండి, లివర్‌లో అప్పటికే కొవ్వు ఉన్నవాళ్లలో మందు చేసే నష్టం ఈ రెండూ విడివిడిగా చేసే నష్టాన్ని కలిపినదానికంటే ఎక్కువగా ఉంటుంది. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నంతసేపు లివర్ ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది, కొవ్వు కరిగించే పని వెనకబడుతుంది. దానికి తోడు 60 గ్రాముల ఆల్కహాల్‌కే 420 కేలరీలు, పక్కన కూల్‌డ్రింకు, చికెన్ పకోడీ, ఆఖర్న బిర్యానీ. వారమంతా కష్టపడి తగ్గించింది ఆ ఒక్క రాత్రిలో తిరిగొచ్చేస్తుంది. బరువు కదలకపోవడానికి ఇదొక పెద్ద కారణం అయ్యుండొచ్చు.

అందుకే ఆరు నెలలు పూర్తిగా ఆపమంటున్నాను, తగ్గించమనడం లేదు. తగ్గించడం అంటే మూడు రెండై మళ్లీ పండక్కి నాలుగవుతాయి, ఇది నేను చాలాసార్లు చూశాను. ఆ తర్వాత ఏమిటన్నది అప్పటి రిపోర్టును బట్టి డాక్టర్‌తో మాట్లాడండి. లివర్ గట్టిపడటం మొదలైందని తేలినవాళ్లకైతే జీవితాంతం ఒక్క చుక్క కూడా వద్దనే చెప్తాను. రోజూ తాగే అలవాటున్నవాళ్లు మాత్రం ఉన్నపళంగా సొంతంగా ఆపకండి, వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ పర్యవేక్షణలో ఆపాలి.

ఇక నూనె, నెయ్యి. 15 శాతమే అన్నాను కదా అని వదిలేయమని కాదు. 2018లో ఫిన్లాండ్‌లో కొంతమందికి మూడు వారాల పాటు రోజుకు 1000 కేలరీలు అదనంగా పెట్టి చూశారు. వెన్న, కొబ్బరినూనె, చీజ్ లాంటి సంతృప్త కొవ్వు తిన్నవాళ్ల లివర్‌లో కొవ్వు 55 శాతం పెరిగింది, చక్కెర ఎక్కువున్నవి తిన్నవాళ్లకు 33 శాతం, గింజలు, ఆలివ్ నూనె లాంటివి తిన్నవాళ్లకు 15 శాతం. అవసరానికి మించి తింటే ఏదైనా పెంచుతుంది, కానీ ఏ కొవ్వు అన్నదానికి తేడా ఉంది. కాబట్టి నెయ్యి పప్పులో ఒక చిన్న చెంచా సరే, గరిటెలతో వద్దు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇంట్లో నెయ్యి గురించి కంటే బయట తినేవాటి గురించి. బేకరీ పఫ్‌లు, బిస్కెట్లు, మిక్చర్, హోటల్ వేపుళ్లు చాలావరకు పామాయిల్‌తోనో వనస్పతితోనో చేస్తారు, మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగిస్తారు.

ఇంట్లో లెక్క తేలిక. మనిషికి నెలకు అర లీటరు నూనె. నలుగురుంటే రెండు లీటర్లు. ప్యాకెట్ కత్తిరించిన రోజు తేదీ దాని మీద రాయండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగైదు లీటర్లు అయిపోతుంటే, మీరు కూరలో నూనె తగ్గించామని ఎంత అనుకున్నా తగ్గలేదు. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె, ఏదైనా పర్వాలేదు, కొలతే ముఖ్యం. దొండకాయ, బంగాళాదుంప వేపుళ్లు వారానికి ఒకసారికి పరిమితం చేసి, ఆవ పెట్టిన కూరలు, పప్పు వేసిన కూరలు, పులుసులు ఎక్కువ చేసుకుంటే రుచి పోకుండానే నూనె సగమవుతుంది. చేపలు తింటే వేపుడు కాకుండా పులుసు, వారానికి రెండుసార్లు.

బరువు ఎంత, ఎంత వేగంగా. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, మీకు అది 4 కిలోలు. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది, అంటే 6 నుంచి 8 కిలోలు. 10 శాతం, ఆ పైన తగ్గినవాళ్లలో చాలామందికి లివర్ మీద పడిన మచ్చలు కూడా వెనక్కి వెళ్లడం కనిపించింది. నేను 78, 76 అన్న అంకెలు అక్కడి నుంచే వచ్చాయి. వారానికి అర కిలో, మహా అయితే కిలో. అంతకంటే వేగం వద్దు. ఒక కుర్రాడు పెళ్లి దగ్గరపడిందని నెలరోజులు జ్యూసులు, దోసకాయ ముక్కల మీదే ఉండి 9 కిలోలు తగ్గాడు. ఎస్‌జీపీటీ తగ్గకపోగా పెరిగింది, కండ పోయింది, పిత్తాశయంలో రాళ్లు వచ్చాయి. తిండి ఒక్కసారిగా ఆగితే ఒంట్లో కొవ్వంతా ఒకేసారి కరిగి లివర్ మీదికే వస్తుంది, ఆ 59 శాతం గుర్తుంది కదా.

సన్నగా ఉన్నవాళ్లకు కూడా ఫ్యాటీ లివర్ వస్తుంది. వాళ్లు బరువు కంటే నడుము చూసుకోవాలి, మన వాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్ట కొవ్వు ఉన్నట్టే. అలాంటివాళ్లకు 3 నుంచి 5 శాతం తగ్గినా ఫలితం కనిపిస్తుంది. మీరు కూడా బొడ్డు దగ్గర టేపుతో కొలిచి రాసుకోండి. రోజూ ముప్పావు గంట వేగంగా నడవండి, బరువు కదలని వారాల్లో కూడా నడక లివర్‌లో కొవ్వును తగ్గిస్తుంది.

చక్కెర లేని కాఫీ రోజుకు రెండు మూడు కప్పులు తాగేవాళ్లలో లివర్ గట్టిపడటం తక్కువగా కనిపిస్తుందని చాలా అధ్యయనాల్లో వచ్చింది. మీకు పడితే నాలుగు టీలలో రెండు కాఫీలు చేసుకోండి, పడకపోతే బలవంతంగా తాగక్కర్లేదు. లివర్ క్లీన్ అవుతుందని అమ్మే పొడులు, టానిక్‌ల జోలికి వెళ్లకండి. తిప్పతీగ రోజూ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. గ్రీన్ టీ తాగొచ్చు, గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్ వద్దు.

మీ రిపోర్టు గురించి. గ్రేడ్ 2 అన్నది లివర్ ఎంత తెల్లగా కనిపించిందన్నదే చెబుతుంది, ఎంత గట్టిపడిందో చెప్పదు. దానికి ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, ఇంట్లోనే వేసుకోవచ్చు. వయసును ఎస్‌జీఓటీతో గుణిస్తే మీకు 38 × 52 = 1976. ఎస్‌జీపీటీ 78కి వర్గమూలం సుమారు 8.83, దాన్ని వేలల్లో ఉన్న ప్లేట్‌లెట్లతో, అంటే 240తో గుణిస్తే సుమారు 2119. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.93 వస్తుంది. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ, కాబట్టి మీరు తిండితో సరిచేసుకునే దశలోనే ఉన్నారు. 2.67 దాటితే ఆలస్యం చేయకుండా లివర్ స్పెషలిస్టును కలవాలి, మధ్యలో ఉంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. 35 ఏళ్ల లోపు వాళ్లకు ఈ లెక్క అంత నమ్మకంగా పనిచేయదు, 65 దాటినవాళ్లకు 2.0 దాకా ఫర్వాలేదంటారు.

మూడు నెలలకు ఎస్‌జీపీటీ, ఆరు నెలలకు స్కానింగ్. మధ్యలో ప్రతి నెలా స్కానింగ్ చేయించుకోవడం డబ్బు దండగ, చిన్న మార్పులు అందులో కనిపించవు. ఎస్‌జీపీటీ నార్మల్‌కు వచ్చినంత మాత్రాన కొవ్వు పోయిందనుకుని బెల్లం డబ్బా మళ్లీ తెరవకండి, నార్మల్ ఎస్‌జీపీటీతోనూ ఫ్యాటీ లివర్ ఉండొచ్చు. బరువు 5 కిలోలు తగ్గి, మందు పూర్తిగా ఆపాక కూడా ఎస్‌జీపీటీ 70ల్లోనే ఉంటే మాత్రం అది తిండి సమస్య ఒక్కటే కాకపోవచ్చు. అప్పుడు హెపటైటిస్ బి, సి, థైరాయిడ్ పరీక్షలు చేయించమని, మీరు వాడే మాత్రలన్నీ, ఆయుర్వేదం, జిమ్ పొడులతో సహా, ఒకసారి చూడమని డాక్టర్‌ను అడగండి.